ఓవర్‌లాక్ అంచు ఎక్కడ చెడుతుంది? దారం వరుస నుంచి టైమింగ్ దాకా

మార్కాపురం అనగానే పలకలు గుర్తొస్తాయి. ఇప్పుడు ఆ పేరుకు కుట్టుపని కూడా తోడవుతోంది. బీసీ, ఈడబ్ల్యూఎస్ మహిళలకు ఉచితంగా కుట్టు నేర్పే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, ఈ ఊళ్లోనే ప్రారంభించింది. ఇలాంటి శిక్షణల్లో జాకెట్టు, నైటీ, పంజాబీ డ్రెస్సు కుట్టడం నేర్చుకున్న వాళ్లకు మామూలు మెషిన్ తర్వాత అవసరమయ్యేది ఓవర్‌లాక్. గుడ్డ అంచు పోగులు ఊడకుండా చుట్టి కుట్టే మెషిన్ అది. పొరుగు దుకాణానికి పంపి ఓవర్‌లాక్ కొట్టించుకునే బదులు సొంతంగా ఒకటి కొనుక్కుంటే పని చేతిలోనే ఉంటుంది, బయటి వాళ్ల బట్టలకు కొట్టిచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు.

కొన్న కొన్నాళ్లకే రెండు ఫిర్యాదులు మొదలవుతాయి. ఒకటి, కుట్టు మధ్యమధ్యలో ఎగిరిపోవడం. రెండోది, అంచు దగ్గర దారం వదులుగా ఉచ్చులు ఉచ్చులుగా వేలాడటం. ఈ రెంటికీ చాలామంది చేసే వైద్యం ఒకటే, టెన్షన్ నాబులు తిప్పడం. అది ఫలించకపోతే మెకానిక్ వస్తాడు, టైమింగ్ పోయిందంటాడు. టెన్షన్, టైమింగ్ రెండూ నిజంగానే చెడతాయి. అయితే వాటి దాకా వెళ్లక ముందే చూసుకోవలసినవి నాలుగైదు ఉన్నాయి. గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో మెకానిక్ కోసం ఒకటి రెండు రోజులు ఎదురు చూసే వాళ్లకు ఈ వరుస తెలిసి ఉండటం మరీ అవసరం.

ముందు ఈ కుట్టు ఎలా పడుతుందో తెలియాలి. ఓవర్‌లాక్ కొత్త వింతేమీ కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన మెర్రో కంపెనీ 1881లోనే దీన్ని తెచ్చింది. మామూలు మెషిన్‌లో పైన సూది దారం, కింద బాబిన్ దారం ఉంటాయి. ఓవర్‌లాక్‌లో బాబిన్ ఉండదు. దాని చోట లూపర్లనే రెండు వంపు తిరిగిన ఇనుప వేళ్లు ఉంటాయి. చిన్న దుకాణాల్లో ఎక్కువగా వాడే మూడు దారాల మెషిన్‌లో ఒక సూది, ఒక పై లూపర్, ఒక కింది లూపర్ పనిచేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ కుట్టు సంఖ్య 504. నాలుగు దారాల కుట్టు 514, అయిదు దారాలది 516. దారాలు పెరిగినా అసలు సూత్రం ఇదే కనుక ఈ వ్యాసం మూడు దారాల మెషిన్‌నే పట్టుకుని నడుస్తుంది.

ఒక్కో కుట్టులో మూడు పట్లు ఉంటాయి. సూది గుడ్డలోంచి కిందికి దిగి, తిరిగి పైకి లేవడం మొదలుపెట్టగానే దాని వెనక దారం చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. కింది లూపర్ ఎడమ నుంచి వచ్చి ఆ ఉచ్చులోకి దూరుతుంది. ఇది మొదటి పట్టు. కింది లూపర్ తన దారంతో కుడికి సాగుతుండగా పై లూపర్ దాని వెనక నుంచి ఆ దారాన్ని అందుకుని, అంచు మీదుగా పైకి ఎక్కుతుంది. ఇది రెండోది. పై లూపర్ గుడ్డ మీదికి తెచ్చిన దారం ముక్కోణంలా సాగి నిలబడితే సూది మళ్లీ దిగేటప్పుడు ఆ ముక్కోణంలోంచి దిగుతుంది. ఇది మూడోది. ఈ మూడింట్లో ఏది తప్పినా కుట్టు ఎగురుతుంది. ఏది తప్పిందో అంచు చూసి చెప్పవచ్చు.

మెషిన్ అమర్చేటప్పుడు జరిగే పొరపాట్లు తర్వాత కుట్టు మీద కనిపిస్తాయి. మోటారు తిరిగే దిశ మొదట చూడాలి. చక్రం మీదో బెల్టు మూత మీదో బాణం గుర్తు ఉంటుంది. మోటారు విడిగా కొని బిగించిన చిన్న మెషిన్లలో దిశ తారుమారైతే సూది, లూపర్లు ఎదురు వరుసలో కదిలి కుట్టు అసలే పడదు. తర్వాత నూనె. నూనె గాజు ఉన్న మెషిన్‌లో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. చుక్కలుగా వేసే చిన్న మెషిన్‌లో నూనె కన్నాలన్నిటికీ వేసి, పీసు గుడ్డ మీద కాసేపు నడిపిన తర్వాతే కస్టమర్ బట్ట పెట్టాలి.

దారం స్టాండును ఎవరూ పట్టించుకోరు. పైకి సాగే కడ్డీని పూర్తిగా లాగి, దాని కొక్కేలు సరిగ్గా కోన్ల నడినెత్తి మీదికి వచ్చేలా తిప్పాలి. కడ్డీ సగమే లేపితే దారం కోన్ అంచుకు ఒరుసుకుంటూ ఒకసారి బిగుసుగా, ఒకసారి వదులుగా వస్తుంది. ఆ ఎగుడుదిగుడును ఏ నాబూ సరిచేయలేదు. కిటికీ పక్కన ఎండలో నెలల తరబడి ఉన్న కోన్ కూడా పనికిరాదు. ఈ ప్రాంతపు ఎండలకు దారం పెళుసెక్కుతుంది. కొత్త దారాన్ని, పాత దారాన్ని చేతులతో తెంపి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక దారం ఎక్కించే వరుస. ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, చివర సూది. రెండు సూదులుంటే కుడి సూది, ఆ పైన ఎడమ సూది. ఇళ్లలో వాడే చాలా మెషిన్ల పుస్తకాల్లో ఇదే వరుస కనిపిస్తుంది. పెద్ద మెషిన్లలో మూత లోపల అతికించిన బొమ్మ, రంగు చుక్కలే ప్రమాణం. ఏ మెషిన్ అయినా మారనిది ఒకటుంది: సూదికి దారం చివరనే ఎక్కించాలి.

ఎందుకంటే సూదిలో దారం ముందే ఉంటే అది ప్లేటు కన్నంలోంచి కిందికి దిగి కింది లూపర్ చుట్టుపక్కల పడి ఉంటుంది. ఆ స్థితిలో కింది లూపర్‌కు దారం ఎక్కిస్తే కొత్త దారం సూది దారానికి అడ్డంగా పడుతుంది. చక్రం తిప్పగానే రెండూ చిక్కుకుని కింది లూపర్ దారం ఫట్టుమని తెగుతుంది. మళ్లీ ఎక్కిస్తారు, మళ్లీ తెగుతుంది. దారం నాసిరకమనుకుని కోన్ మారుస్తారు, అదీ తెగుతుంది. కుట్టేటప్పుడు కింది లూపర్ దారం తెగితే ముందుగా సూది దారాన్ని సూది నుంచి పూర్తిగా బయటికి లాగేయాలి. ప్లేటు కింద మిగిలిన పోగును పట్టకారుతో తీసేయాలి. అప్పుడు కింది లూపర్‌కు దారం పెట్టి, ఆఖరున మళ్లీ సూదికి పెట్టాలి. అదనంగా పట్టేది అర నిమిషం, తప్పే చిరాకు పూటంతా.

దారం ఎక్కించేటప్పుడు పాదం పైకి లేపి ఉంచాలి. చాలా మెషిన్లలో పాదం లేపితే టెన్షన్ రేకులు విడతాయి, దించితే మూసుకుంటాయి. మూసిన రేకుల మీదుగా దారం లాగితే అది రేకుల మధ్యకు దిగకుండా అంచు మీదే జారుతూ పోతుంది. కంటికి అన్నీ సరిగ్గానే ఉంటాయి, నాబ్ ఎంత తిప్పినా అంచులో ఉచ్చులు మాత్రం తగ్గవు. దీనికి పరీక్ష తేలిక. దారం ఎక్కించాక రేకులకు రెండు పక్కలా పట్టుకుని ఒకసారి గట్టిగా కిందికి లాగాలి. పాదం దించి దారం లాగితే బిగువు తెలియాలి, లేపి లాగితే వదులవ్వాలి. పాదంతో రేకులు విడని మెషిన్ అయితే నాబ్ పూర్తిగా వదులు చేసి దారం ఎక్కించి, తర్వాత బిగించుకోవాలి.

కోన్ మార్చేటప్పుడు ముడివేసి లాగే పద్ధతి దుకాణాల్లో ఎక్కువ. పాత దారాన్ని కోన్ దగ్గర తెంపి, కొత్త దారం కొసకు చిన్న ముడివేసి, టెన్షన్ వదులు చేసి చేత్తో లాగితే లూపర్ల దాకా కొత్త దారం వచ్చేస్తుంది. సూది దారం ముడి మాత్రం సూది కన్నంలో పట్టదు కనుక ముడి దగ్గరకు రాగానే కత్తిరించి దారం విడిగా ఎక్కించాలి. మోటారు నడిపి ముడిని లాగిస్తే రేకుల్లో ఇరుక్కుంటుంది. ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. పాత దారం తప్పు దారిలో పోయి ఉంటే కొత్తదీ అదే దారిన పోతుంది. కాబట్టి కుట్టు చెడినప్పుడు ముడి పద్ధతి మాని, బొమ్మ చూస్తూ మొదటి నుంచి ఎక్కించాలి. ఈ పనులన్నిటికీ మోటారు స్విచ్ ఆపాలి. క్లచ్ మోటారు స్విచ్ ఆపిన తర్వాత కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగే దాకా కాలు తొక్కుడు మీద పెట్టకూడదు.

వరుస సరిగ్గా ఉన్నా అంచు చెడితే కారణం వెతకాలి. అందుకు మంచి సాధనం రంగు దారాలు. సూదికి ఎరుపు, పై లూపర్‌కు నీలం, కింది లూపర్‌కు పసుపు పెట్టి, కుట్టబోయే గుడ్డ ముక్కనే రెండు పొరలుగా మడిచి జానెడు పొడవు కుట్టి చూడాలి. సరైన కుట్టులో నీలం పైన, పసుపు కింద ఉండి రెండూ సరిగ్గా అంచు మీద కలుస్తాయి. ఎరుపు పైన తిన్నని గీతలా ఉండి, కింద చుక్కలంత మాత్రమే కనిపిస్తుంది.

ఈ ముక్క చేతిలో పట్టుకుని మొదట తేల్చుకోవలసింది, తప్పు వరుసగా ఉందా, అప్పుడప్పుడూ ఉందా అన్నది. అంచు పొడవునా ప్రతి కుట్టులో ఉచ్చు వదులుగా ఉంటే అది టెన్షన్, దారం దారి లేదా కత్తికి సంబంధించిన తప్పు. పది కుట్లు బాగుండి పదకొండోది వేలాడితే అక్కడ ఒక పట్టు తప్పింది. ముఖ్యంగా మూడో పట్టు తప్పితే, అంటే సూది నీలం ముక్కోణంలోకి దిగకపోతే, ఆ నీలం దారం ఎరుపు గీత దగ్గర ఆగకుండా అంచు వైపు జారి ఉచ్చులా వేలాడుతుంది. చూసేవాళ్లు దాన్ని వదులు టెన్షన్ అనుకుని నాబ్ బిగిస్తారు. కుట్టు ఎగరడం ఆగదు, పైగా బాగున్న కుట్లు కూడా బిగిసి అంచు ముడుచుకుంటుంది. ఈ వ్యవహారంలో ఎక్కువ కాలం వృథా అయ్యేది ఇక్కడే.

మిగతా రెండు పట్లకూ గుర్తులున్నాయి. మొదటి పట్టు తప్పితే కింది లూపర్‌కు సూది ఉచ్చు దొరకలేదన్నమాట. గుడ్డ తిరగేసి చూస్తే ఆ చోట పసుపు దారం ఎరుపు గీతకు కట్టుబడకుండా విడిగా ఉంటుంది, కుట్టును రెండు వైపులా లాగితే అక్కడ నోరు తెరుస్తుంది. రెండో పట్టు తప్పితే నీలం, పసుపు అంచు దగ్గర ఒకదాన్నొకటి అందుకోవు, అంచులో ఖాళీ కనిపిస్తుంది.

కుట్టు ఎగిరితే ముందుగా అనుమానించాల్సింది సూదినే. మామూలు మెషిన్ సూది ఒక పక్క చదునుగా ఉండటంతో తప్పుగా పెట్టడం కష్టం. పెద్ద ఓవర్‌లాక్ మెషిన్లలో వాడే డీసీ×1, డీసీ×27 సూదులకు కాడ గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పి అయినా బిగించవచ్చు. పొడుగు గాడి కుట్టే మనిషి వైపు, చిన్న నొక్కు వెనక వైపు ఉండాలి. కొద్దిగా పక్కకు తిరిగినా లూపర్‌కు ఉచ్చు అందదు. కాడ పైకంటా ఆనేలా నెట్టి బిగించకపోతే సూది ఆ మేరకు కిందికి ఉండి, ఉచ్చు లూపర్‌కు సరిగ్గా అందదు. కొత్త సూది పెట్టాక కూడా కుట్టు ఎగిరితే ముందు ఈ రెండూ మళ్లీ చూడాలి. వంకర తెలియాలంటే సూదిని గాజు పలక మీద పెట్టి కింద వెలుతురు సందు సమంగా ఉందో లేదో చూస్తే చాలు.

సూది తర్వాత గుడ్డ, పాదం. పలుచని శాటిన్, జార్జెట్ పాదం కింద వదులుగా ఉంటే సూది లేచేటప్పుడు దాంతో పాటే పైకి లేస్తాయి. అప్పుడు సూది వెనక దారం ఉబ్బదు, మొదటి పట్టు తప్పుతుంది. పాదం ఒత్తిడి కొంచెం పెంచి, 11 నంబరు సూది పెడితే చాలాసార్లు కుదురుకుంటుంది. మందపాటి కుట్టు మీద కుట్టు దాటే చోట మాత్రమే ఎగిరితే, అక్కడ సూది పక్కకు వంగుతోందని అర్థం. ఆ చోట చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి దాటించాలి, లేదా 14 నంబరు సూది వాడాలి. సూది దారం మరీ బిగుసుగా ఉన్నా ఉచ్చు చిన్నదై కుట్టు ఎగురుతుంది.

వరుసగా వదులు ఉచ్చులు పడుతుంటే రంగు ముక్కను రెండు వైపులా తిరగేసి చూడాలి. నీలం అంచు దాటి కిందికి చుట్టుకుంటే పై లూపర్ వదులు, లేదా కింది లూపర్ బిగువు. పసుపు పైకి కనిపిస్తే దానికి తలకిందులు. రెండూ అంచుకు అవతల గాలిలో కలుస్తుంటే రెండూ వదులు, లేదా కత్తి గుడ్డను ఎక్కువగా కోసేస్తోంది. ఎరుపు దారం కింద నిచ్చెన మెట్లలా కనిపిస్తే సూది దారం వదులు. ఎప్పుడూ వదులుగా ఉన్న దారాన్ని బిగించే ముందు దానికి ఎదురు దారం మరీ బిగుసుగా ఉందేమో చూసి, ఆ నాబును కొద్దిగా వదలాలి. ఒక్కసారికి ఒక్క నాబే, పావు చుట్టు మించకుండా తిప్పి, ప్రతిసారీ కొత్త ముక్క కుట్టి పోల్చాలి.

కత్తి సంగతి వేరుగా చెప్పుకోవాలి. కుట్టు వెడల్పును నిర్ణయించేది ప్లేటు మీది సన్నని నాలుక. దారాలు దాని చుట్టూ చుట్టుకుని వెనక్కి జారతాయి. కత్తి గుడ్డను ఆ నాలుక అంచుతో సమానంగా కోయాలి. కత్తి లోపలికి జరిగితే గుడ్డ ఇరుకై ఉచ్చులు ఖాళీగా వేలాడతాయి. బయటికి జరిగితే గుడ్డ ఎక్కువై అంచు లోపలికి మడతపడుతుంది. కత్తి మొద్దుబారినా ఇదే అనుమానం వస్తుంది. కుట్టు తీసి చూస్తే గుడ్డ అంచు నున్నగా కాక నమిలినట్టుంటుంది, కొన్ని పోగులు కుట్టు బయటికి పొడుచుకొస్తాయి. అలాంటప్పుడు టెన్షన్ ముట్టుకోకుండా ముందు కత్తి మార్చాలి.

దారం ఎక్కడ ఎంత పోతుందో తెలిసినా ఈ విషయాలు అర్థమవుతాయి. మీటరు కుట్టుకు అంగుళానికి 7 కుట్ల లెక్కన మూడు దారాల ఓవర్‌లాక్‌కు సుమారు 14 మీటర్ల దారం పడుతుందని దారం కంపెనీల లెక్క. మామూలు మెషిన్‌కు పట్టేది రెండున్నర మీటర్లే. ఆ 14లో సూది వాటా అయిదో వంతు, మిగతాదంతా లూపర్లదే. అంత వేగంగా దారం లాగే లూపర్ల దారిలో రేకుల మధ్య ఒక చిన్న పోగు ఇరుక్కున్నా ఆ తేడా అంచు మీద వెంటనే తెలుస్తుంది. రేకుల మధ్య ఒక గుడ్డ పట్టీని లాగి శుభ్రం చేయడం వారానికోసారి చేయదగిన పని.

ఇవన్నీ ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. మార్కాపురంలో ఒక దుకాణంలో కాటన్ నైటీలకు ఓవర్‌లాక్ బాగానే పడుతోందని, శాటిన్ లైనింగ్ వేసిన జాకెట్టు రాగానే అంచు చెడిందని అనుకుందాం. పైన అక్కడక్కడా ఉచ్చులు వేలాడుతున్నాయి. పక్క దుకాణం అక్క చూసి "పై లూపర్ బిగించమ్మా" అంది. బిగిస్తే అంచు ముడుచుకుంది, ఉచ్చులు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు నాబును పాత చోటికి తెచ్చి, మూడు రంగులు పెట్టి శాటిన్ ముక్క మీద కుట్టి చూశారు. ఉచ్చులు వరుసగా లేవు, పదిహేను ఇరవై కుట్లకు ఒకటి వస్తోంది. అంటే టెన్షన్ సంగతి కాదు, ఒక పట్టు తప్పుతోంది. జారిన దారం నీలం, కింద పసుపు ఎరుపుకు కట్టుబడే ఉంది. అంటే మూడో పట్టు. సూది ముక్కోణంలోకి దిగడం లేదు.

సూది తీసి గాజు మీద పెడితే కొన దగ్గర సన్నని వంకర కనిపించింది. 11 నంబరు సూదిని గాడి ముందుకు ఉండేలా, పైకంటా నెట్టి బిగించారు. ఉచ్చులు ముప్పై కుట్లకు ఒకటికి తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. పాదం ఒత్తిడి కొంచెం పెంచితే శాటిన్ పాదం కింద కదలడం ఆగింది, కుట్టు కుదిరింది. నైటీలకు అది ఎందుకు బయటపడలేదంటే, కాటన్ మందంగా ఉండి సూదిని పట్టి ఉంచింది, గుడ్డా కదలలేదు. అదే వంకర సూది జారుడు గుడ్డ మీద దొరికిపోయింది.

ఇదంతా చేసినా అన్ని గుడ్డల మీదా ఒకే పట్టు తప్పుతూ ఉంటే, లేదా చక్రం చేత్తో తిప్పినప్పుడు టిక్కుమని చప్పుడు వచ్చి సూది వెనక గీత పడితే, అప్పుడు టైమింగ్ సంగతి. సూది విరిగినప్పుడు లూపర్ తగిలి పక్కకు జరిగి ఉండవచ్చు. లూపర్ కొనను గోటితో నిమిరితే గరుకు తగులుతుంది. సన్నని ఎమెరీ కాగితంతో ఆ గరుకు తీయడం ఇంట్లో చేసుకోవచ్చు. లూపర్ స్థానం మార్చడం మాత్రం ఆ మెషిన్ కొలతలు తెలిసిన మెకానిక్ చేయాలి. లూపర్ కొనకు, సూదికి మధ్య ఉండాల్సిన సందు కాగితం మందం కూడా ఉండదు. ఒక్క మరను ఉజ్జాయింపుగా తిప్పితే మిగతా రెండు పట్లూ చెడతాయి.

దారం వరుస, రేకుల్లో దారం కూర్చున్న తీరు, సూది, పాదం ఒత్తిడి, కత్తి, ఆ తర్వాతే నాబులు, అన్నిటి చివర టైమింగ్. ఓవర్‌లాక్ చెడినప్పుడు వెతకవలసిన క్రమం ఇదే. శిక్షణ కేంద్రాల్లో కటింగ్‌కు, మామూలు మెషిన్‌కు ఇచ్చే సమయంలో ఒక్క పూట ఈ మూడు రంగుల ముక్కకు కేటాయించాలి. మెకానిక్‌ను పిలవక తప్పని రోజున కూడా ఆ ముక్కను దాచి అతనికి చూపించాలి.